అపోస్టిల్: దేశం దాటే సర్టిఫికెట్‌కు అధికార ముద్ర

ఒక దేశంలో జారీ అయిన ప్రభుత్వ పత్రంపై ఉన్న సంతకం, ముద్ర అసలైనవేనని, సంతకం చేసిన అధికారి ఆ హోదాలో ఉన్నవారేనని మరో దేశానికి తెలిపే ధ్రువీకరణే అపోస్టిల్. 1961 అక్టోబరు 5న ది హేగ్‌లో కుదిరిన ఒప్పందం దీన్ని ప్రవేశపెట్టింది. అంతకుముందు ఇలాంటి పత్రం స్వదేశంలో కార్యాలయాలన్నీ తిరిగాక, చివర్లో విదేశీ రాయబార కార్యాలయం ముద్ర కూడా వేయించుకోవాల్సి వచ్చేది. ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఈ చివరి మెట్టు తొలగిపోయింది. భారత్‌కు ఇది 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది.

హైదరాబాద్‌లో పెళ్లి రిజిస్టర్ చేయించుకున్న ఒక మహిళ, నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న భర్త దగ్గరికి వెళ్తున్నారనుకుందాం. అక్కడ ఆమె వివాహ ధ్రువపత్రానికి అపోస్టిల్ కావాలి. సబ్ రిజిస్ట్రార్ సంతకం ఢిల్లీలోని విదేశాంగ శాఖకు తెలియదు. అందుకే ముందు రాష్ట్ర ప్రభుత్వంలో నియమిత అధికారి ఆ పత్రాన్ని ధ్రువీకరిస్తారు. ఆ అధికారి నమూనా సంతకం విదేశాంగ శాఖ దగ్గర ఉంటుంది. దానితో పోల్చి చూసుకున్నాకే శాఖ అపోస్టిల్ ఇస్తుంది. దరఖాస్తులను శాఖ గుర్తించిన ఏజెన్సీల ద్వారా ఇవ్వాలి. ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు. ఏజెన్సీ ఛార్జీలు వేరు.

భారత్‌లో అపోస్టిల్ స్టిక్కర్ రూపంలో ఉంటుంది. పత్రం జారీ అయిన దేశం, సంతకం చేసినవారి పేరు, హోదా, అపోస్టిల్ తేదీ, సంఖ్య వంటి పది అంశాలు అందులో వరుసగా ఉంటాయి. ఆ సంఖ్యతో అది నిజమైనదో కాదో సరిచూసుకోవచ్చు.

పత్రంలోని విషయానికి మాత్రం అపోస్టిల్ పూచీ పడదు. వివాహ ధ్రువపత్రంలో పేరు ఒకలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటే స్టిక్కర్ ఉన్నా విదేశీ అధికారి అభ్యంతరం చెప్పవచ్చు. అలాంటి తప్పును పత్రం ఇచ్చిన కార్యాలయంలో ముందే దిద్దించుకోవాలి.

అపోస్టిల్ కావాలా వద్దా అన్నది పత్రం వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. యూఏఈ, ఖతార్, కువైట్ ఒప్పందంలో లేవు. అక్కడికి వెళ్లే సర్టిఫికెట్లకు ఆయా దేశాల రాయబార కార్యాలయాల అటెస్టేషన్ అవసరం. సౌదీ అరేబియా 2022లో, కెనడా 2024లో ఒప్పందం పరిధిలోకి వచ్చాయి. జర్మనీ సభ్య దేశమే అయినా భారత్ చేరికపై అభ్యంతరం తెలిపింది. అందువల్ల మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. ఒప్పందంలో ఉన్న దేశాల్లోనూ కొన్ని సంస్థలు మామూలు ప్రతులతో సరిపెట్టుకుంటాయి. కాబట్టి పత్రం అడిగిన సంస్థ ఏం కోరుతోందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఖర్చు పెట్టడం మంచిది.

ఏ దేశం పత్రం ఇస్తే ఆ దేశమే అపోస్టిల్ కూడా ఇవ్వాలి. అమెరికాలో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రాన్ని భారత్‌లో వాడాలంటే, అది జారీ అయిన అమెరికా రాష్ట్రంలోనే అపోస్టిల్ తీసుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అది దొరకదు.