ఉద్యోగం పోతోందని చెప్పడానికి ఎన్ని పేరాలు కావాలి?

2014 జులై 17న మైక్రోసాఫ్ట్‌లో ఫోన్ల విభాగాన్ని చూస్తున్న స్టీఫెన్ ఎలప్ తన ఉద్యోగులకు ఒక మెయిల్ పంపారు. ‘హలో దేర్’ అనే పలకరింపుతో మొదలైంది. ఆ తర్వాత కంపెనీ వ్యూహం, ఏ రకం ఫోన్లు ఎవరి కోసం, ఏ పని ఏ ఊళ్లో అన్న వివరాలు వరుసకట్టాయి. పదికి పైగా పేరాలు ఓపిగ్గా చదివినవాళ్లకు చివరికి అసలు విషయం ఎదురైంది: సుమారు 12,500 మంది ఉద్యోగాలు పోతున్నాయి. వాళ్లలో చాలామంది అంతకు కొన్ని నెలల ముందే నోకియా నుంచి వచ్చినవాళ్లు.

అదే రోజు సంస్థ అధిపతి సత్య నాదెళ్ల కూడా మెయిల్ పంపారు. మొత్తం 18,000 ఉద్యోగాల దాకా తగ్గిస్తున్నామని ఆయన మొదట్లోనే చెప్పేశారు. రెండూ ఒకే నిర్ణయం గురించిన మెయిళ్లే. కానీ ఎలప్ మెయిల్ అలా చెప్పకూడదనడానికి ఉదాహరణగా మిగిలిపోయింది.

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో ఇలాంటి మెయిల్ ఎప్పుడొచ్చినా ఉద్యోగి వెతికేది మూడే. నా ఉద్యోగం ఉందా, పోయిందా? పోతే ఏ తేదీ నుంచి? చేతికి ఎంత వస్తుంది? ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే భార్యో, భర్తో, తండ్రో అడిగేవీ ఇవే. మెయిల్ ఎంత మర్యాదగా ఉన్నా వీటికి జవాబు లేకపోతే అది చెప్పాల్సింది చెప్పనట్టే.

ఒక నమూనా తీసుకుందాం. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఇలాంటి మెయిళ్లలో తరచూ కనిపించే వాక్యాలను ఒకచోట చేర్చి రాసింది. సాధారణంగా ఇంగ్లిష్‌లో వస్తాయి కాబట్టి ఆ ధోరణి చెడకుండా తెలుగులో పెడుతున్నాను.

“ప్రియమైన కుటుంబ సభ్యులకు, మన ప్రయాణంలో మరో ఉత్తేజకరమైన దశలోకి అడుగుపెడుతున్నాం. మారుతున్న మార్కెట్‌కు అనుగుణంగా మరింత చురుకైన సంస్థగా ఎదిగేందుకు రీస్ట్రక్చరింగ్ చేపట్టడమైనది. ఇందులో భాగంగా కొన్ని విభాగాల్లో వనరుల రైట్‌సైజింగ్ జరుగుతుంది. ప్రభావితమయ్యే సహచరులను హెచ్ఆర్ బృందం తగిన సమయంలో సంప్రదిస్తుంది. ఈ మార్పునకు మీ అందరి సహకారం కోరుతున్నాం.”

దీన్ని ఒక్కో వాక్యంగా విప్పి చూస్తే ప్రతి మెత్తని మాట కిందా ఒక ఖాళీ కనిపిస్తుంది. ‘చేపట్టడమైనది’ అన్నారు, చేపట్టిందెవరో లేదు. ‘కొన్ని విభాగాల్లో’ అన్నారు, ఏవో లేదు. కాబట్టి అన్ని విభాగాలవాళ్లూ భయపడతారు. ‘వనరులు’ అంటే మనుషులు. ‘తగిన సమయంలో’ అంటే ఈ మధ్యాహ్నమో, రెండు నెలల తర్వాతో ఎవరికీ తెలియదు. ఇక ‘కుటుంబ సభ్యులకు’ అన్న పిలుపు. ఏ కుటుంబమూ క్లయింట్ కాంట్రాక్ట్ పోయిందని పిల్లల్ని బయటకు పంపదు. జీతం ఇచ్చి పని చేయించుకునే సంబంధానికి ఆ పేరు పెట్టి, అదే మెయిల్‌లో దాన్ని తెంచేస్తే చదివేవాడికి ఒళ్లు మండుతుంది.

ఇలా ఎందుకు రాస్తారు? రాసేవాళ్లు దుర్మార్గులని కాదు. మొదటి చిత్తు ఒకరు రాస్తారు, లాయర్ ఒక వాక్యం తీయిస్తారు, పీఆర్ వాళ్లు ఇంకోటి మెత్తబరుస్తారు, పైవాళ్లు ‘పాజిటివ్‌గా ఉండాలి’ అంటారు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. చాలాసార్లు మెయిల్ రాసే నాటికి నిర్ణయాలే పూర్తి కావు. ఎంతమందో తేలదు, పరిహారం ఎంతో ఫైనాన్స్ చెప్పదు. తేలని సంగతిని తేలనట్టు చెప్పడం ఇష్టం లేక ‘తగిన సమయంలో’ అని పూడుస్తారు. అందుకే ఇలాంటి మెయిల్‌ను మాటలు మార్చి బాగుచేయలేం. దీన్ని తిరగరాయడమంటే ముందు ఆ ఖాళీలకు జవాబులు తెచ్చుకోవడం.

జవాబులు తెచ్చుకున్నామనుకుందాం. 640 మంది పనిచేసే కంపెనీ. ఆదాయంలో నాలుగో వంతు ఇచ్చే క్లయింట్ కాంట్రాక్ట్‌ను కొనసాగించలేదు. 72 ఉద్యోగాలు తీసేయాలని నిర్ణయించారు. అప్పుడు మెయిల్ ఇలా ఉండొచ్చు:

“సహోద్యోగులకు, మన కంపెనీలో 72 మందిని ఉద్యోగాల్లోంచి తొలగిస్తున్నాం. టెస్టింగ్‌లో 41, సపోర్ట్‌లో 22, రిక్రూట్‌మెంట్‌లో 9 ఉద్యోగాలు పోతున్నాయి. మిగతా విభాగాల్లో ఈ నిర్ణయం వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. ఆ 72 మందితో ఈ ఉదయమే వాళ్ల మేనేజర్లు విడివిడిగా మాట్లాడారు. మీతో ఎవరూ మాట్లాడలేదంటే మీరు ఈ జాబితాలో లేరు.

మన పెద్ద క్లయింట్ మార్చితో వెళ్లిపోయింది. ఆ పని కొనసాగుతుందన్న నమ్మకంతో రెండేళ్ల క్రితం ఎక్కువమందిని తీసుకున్నాం. ఆ నిర్ణయం నాది. ఇప్పటి నిర్ణయమూ నాదే. వెళ్తున్నవారి పనితీరుకు దీనితో సంబంధం లేదు.

వెళ్తున్నవారి ఉద్యోగం జూన్ 30తో ముగుస్తుంది. అప్పటిదాకా పూర్తి జీతం వస్తుంది. ఆపైన రెండు నెలల జీతం, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం ఇస్తాం. గ్రాట్యుటీకి అర్హత ఉంటే అది వేరుగా వస్తుంది. కుటుంబ ఆరోగ్య బీమా డిసెంబర్ 31 వరకు ఉంటుంది. ఇది కంపెనీ చేస్తున్న తొలగింపు. ఎవరినీ రాజీనామా రాయమని అడగం.

ఇకపై తొలగింపులు ఉండవని మాట ఇవ్వలేను. ఆగస్టులో ఆదాయం లెక్కలు చూసి, పరిస్థితి ఏమిటో ఆ నెలాఖరులోగా అందరికీ చెబుతాను. ఈరోజు మధ్యాహ్నం మూడింటికి మీ ప్రశ్నలకు నేనే జవాబు చెబుతాను.”

ఇందులో తియ్యని మాట ఒక్కటీ లేదు. అయినా మొదటిదానికన్నా మనిషి గొంతు ఇందులోనే వినిపిస్తుంది. ఆరేళ్ల సర్వీసున్న ఉద్యోగి దీన్ని చదివి లెక్క వేసుకోగలడు. రెండు నెలలు, ఆపైన ఆరు పదిహేనులు తొంభై రోజులు, వెరసి జూన్ తర్వాత దాదాపు ఐదు నెలల జీతం. ఇంటి ఈఎంఐ ఎన్నాళ్లు గడుస్తుందో, పిల్లల ఫీజు ఎలా కట్టాలో ఆ రాత్రే ఆలోచించుకోవచ్చు.

ఇందులో రెండు వాక్యాల దగ్గర కాస్త ఆగాలి. మొదటిది రాజీనామా సంగతి. మన ఐటీ ఆఫీసుల్లో చాలామందికి తెలిసిన తంతు ఇది. హెచ్ఆర్ గదిలోకి పిలుస్తారు, ‘మీరే పేపర్ పెట్టేయండి, రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అంటారు. తొలగించిన కార్మికుడికి పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలని మన కార్మిక చట్టం చెబుతుంది. స్వచ్ఛందంగా మానేసినవారికి అది వర్తించదు. ఆ చట్టంలోని కార్మికుడు అన్న నిర్వచనంలోకి ఎవరెవరు వస్తారన్నది వేరే వివాదం. పరిహారం మాట అటుంచినా, తొలగింపును రాజీనామా అని రాయించుకోవడం మెత్తని మాటలన్నిటిలోకీ ఖరీదైనది.

రెండోది తేదీ. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లకు ఉద్యోగం ముగిశాక కొత్త యజమానిని వెతుక్కోవడానికో, వీసా స్థితి మార్చుకోవడానికో, తిరిగి రావడానికో గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆఫీసుకు రావద్దన్న రోజు వేరు, ఉద్యోగం ముగిసే రోజు వేరు కావచ్చు. మెయిల్ రెండు తేదీలనూ విడిగా చెప్పకపోతే ఆ కుటుంబం తన గడువునే తప్పుగా లెక్కేసుకుంటుంది.

సూటిగా చెబితే చాలా అంటే, చాలదు. 2021 డిసెంబర్‌లో అమెరికాలోని బెటర్ డాట్ కామ్ అధిపతి విశాల్ గార్గ్ సుమారు 900 మందిని ఒకే జూమ్ కాల్‌లోకి పిలిచి, ఈ కాల్‌లో ఉన్నవాళ్లందరి ఉద్యోగాలూ పోయాయని కొద్ది నిమిషాల్లో తేల్చేశారు. అందులో డొంకతిరుగుడు లేదు. అయినా ప్రపంచమంతా ఛీకొట్టింది. నిజం చెప్పినా, అడగడానికి సమయం గానీ, ఎదురుగా ఒక మనిషి గానీ లేకపోవడమే అందుకు కారణం.

ఎయిర్‌బీఎన్‌బీ ఇందుకు భిన్నం. 2020 మే 5న బ్రయాన్ చెస్కీ రాసిన లేఖలో దాదాపు 7,500 మందిలో 1,900 మంది వెళ్తున్నారని ఉంది. ఎవరిని ఏ ప్రాతిపదికన ఎంచారో ఉంది. అమెరికా ఉద్యోగులకు 14 వారాల మూల వేతనం, ప్రతి ఏడాది సర్వీసుకు మరో వారం, ఏడాదిపాటు ఆరోగ్య బీమా ఇస్తామని ఉంది. కంపెనీ ల్యాప్‌టాప్ ఉంచుకోవచ్చని కూడా ఉంది. వెళ్లాల్సినవారితో విడిగా మాట్లాడే ఏర్పాటూ చేశారు. ఆ లేఖ ఎవరి ఉద్యోగాన్నీ కాపాడలేదు. కానీ అడగాల్సిన అవసరం లేకుండానే జవాబులిచ్చింది. రాయడానికి ముందే నిర్ణయాలన్నీ జరిగిపోయాయి కాబట్టే అది సాధ్యమైంది.

అందుకే చెప్పే క్రమానికి కూడా మెయిల్‌తో సమానమైన బరువుంది. మేనేజర్లకు ముందురోజు తెలియాలి, ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో కాగితం చేతిలో ఉండాలి. పోతున్నవాళ్లకు విడిగా, తమ మేనేజర్ నోటి నుంచే తెలియాలి. ఆ మాటలు పూర్తయిన వెంటనే, అదే రోజు, అందరికీ మెయిల్ వెళ్లాలి. మధ్యలో రాత్రి గడిస్తే వాట్సాప్ గ్రూపులే ప్రకటన చేసేస్తాయి. అన్నిటికన్నా హీనం, ఉదయం లాగిన్ పనిచేయకపోవడం ద్వారా విషయం తెలియడం. డేటా భద్రత కోసం యాక్సెస్ తీసేయక తప్పకపోతే మాట్లాడాకే తీసేయాలి, ఎందుకో చెప్పాలి.

కంపెనీకీ ఇబ్బందులుంటాయి. స్టాక్ మార్కెట్‌లో ఉన్న సంస్థ కొన్ని విషయాలను ముందుగా కొందరికే చెప్పలేదు. అన్ని కారణాలూ బయటపెట్టలేదు. అలాంటప్పుడు ‘ఇది ఇప్పుడు చెప్పలేను, ఫలానా తేదీకి చెబుతాను’ అనడం నిజాయితీయే. చెప్పలేనిదాన్ని చెప్పినట్టు నటించడమే మోసం. అలాగే ‘ఈ నిర్ణయం తీసుకోవడం నాకెంత కష్టమైందో’ అని పేరా రాసే బాస్ తన బాధను తన దగ్గరే ఉంచుకోవాలి. ఆ రోజు ఓదార్పు కావాల్సింది ఆయనకు కాదు.

ఇలాంటి మెయిల్ పంపే బాధ్యత మీదైతే, పంపే ముందు ఆ విభాగంతో సంబంధం లేని ఒకరికి చూపించండి. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్న మూడు ప్రశ్నలకు వాళ్లు జవాబు చెప్పలేకపోతే మెయిల్ ఇంకా సిద్ధం కాలేదని అర్థం. అదే మెయిల్ మీకు వస్తే ముగింపు తేదీ, పరిహారం, బీమా గడువు, రికార్డులో తొలగింపు అని రాస్తారా రాజీనామా అని రాస్తారా అన్న నాలుగూ రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా దేని మీదా సంతకం పెట్టకండి. రాజీనామా మీద సంతకం పడ్డాక, కాగితం మీద ఆ నిర్ణయం కంపెనీది కాదు, మీదే.