నిఫ్టీ ఆప్షన్లలో నిజంగా వార్త ఏది?

ట్రేడింగ్ ముగిశాక ఎన్‌ఎస్‌ఈ ఆ రోజు ఎఫ్ అండ్ ఓ భావ్‌కాపీని విడుదల చేస్తుంది. బ్రోకరేజీ సంస్థల విశ్లేషకులు దాన్ని ముందు పెట్టుకుని సాయంత్రం నిఫ్టీ ఆప్షన్ల రిపోర్టు రాస్తారు. అందులో ప్రధానంగా రెండే అంకెలు. ఇంకా ముగించని కాంట్రాక్టులెన్నో చెప్పేది ఓపెన్ ఇంట్రెస్ట్. రాబోయే ఒడిదుడుకులకు మార్కెట్ ఎంత ధర కడుతోందో చెప్పేది ఇంప్లైడ్ వొలటాలిటీ. దీన్ని ఆప్షన్ ప్రీమియం నుంచి లెక్కగడతారు.

ఈ అంకెలు రోజూ మారతాయి. ఏ మార్పు అసాధారణమో తేల్చడమే అసలు పని.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. నిఫ్టీ 25,000 దగ్గర పెద్దగా కదలలేదు. సూచీకి రెండు శాతం దిగువనున్న పుట్‌లో గత 20 రోజుల్లో రోజువారీ మార్పు సాధారణంగా 8,000 కాంట్రాక్టులు. ఇవాళ ఒక్కరోజే 30,000 పెరిగాయి. వొలటాలిటీ 13 శాతం నుంచి 15.5కి చేరింది. కాంట్రాక్టులు, వొలటాలిటీ కలిసి పెరిగాయంటే కొనేవాళ్ల తొందర ఎక్కువగా ఉందని అనుకోవచ్చు. కాంట్రాక్టులు పెరిగి వొలటాలిటీ తగ్గి ఉంటే అమ్మేవాళ్ల ఒత్తిడి ఉందనుకోవాలి. ప్రతి కాంట్రాక్టుకూ ఒక కొనుగోలుదారు, ఒక అమ్మకందారు ఉంటారు కనుక, ఓపెన్ ఇంట్రెస్ట్ ఒక్కటే చూసి ‘భారీగా పుట్ రైటింగ్’ అని రాయడం తొందరపాటే.

క్యాలెండర్ కూడా మోసం చేస్తుంది. వీక్లీ ఎక్స్‌పైరీ మర్నాడు మొత్తం ఓపెన్ ఇంట్రెస్ట్ ఒక్కసారిగా పడిపోతుంది. గడువు తీరిన కాంట్రాక్టులు లెక్కలోంచి తొలగిపోవడమే కారణం. ఎవరూ భయపడి పారిపోలేదు. అందుకే మంచి రిపోర్టు ఒక్కో ఎక్స్‌పైరీని విడిగా పోలుస్తుంది. గడువుకు కొద్ది గంటలే మిగిలిన ఆప్షన్లలో ప్రీమియం కాస్త కదిలినా వొలటాలిటీ విపరీతంగా ఊగుతుంది కాబట్టి వాటిని పక్కన పెడుతుంది.

2024 లోక్‌సభ ఫలితాలు ఇంకో పాఠం నేర్పాయి. జూన్ 4న నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడింది. నిఫ్టీ ఆప్షన్ల ధరలతోనే లెక్కగట్టే ఇండియా విక్స్ ఆ రోజు ఎగసి, మర్నాడే పావు వంతుకు పైగా తగ్గింది. ఫలితం తెలిసిపోయాక అనిశ్చితికి కట్టే ధర కరిగిపోవడం ఊహించదగ్గదే. ముందే తేదీ తెలిసిన ఘటన తర్వాత వచ్చే ఇలాంటి తగ్గుదలను మామూలు రోజులతో పోల్చితే పెద్ద వార్తలా కనిపిస్తుంది. గత బడ్జెట్, ఎన్నికల రోజులతో పోల్చితేనే అసలు కొలత తెలుస్తుంది.

రిపోర్టు చదివేవారు ఒక్కటి గమనించండి: మార్పును దేనితో పోల్చారో, ఏ ఎక్స్‌పైరీదో చెప్పని అంకెను నమ్మి పొజిషన్ తీసుకోవద్దు.