సెటిల్‌మెంట్ లెటర్‌లో కోతల లెక్క

కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా కింద క్లెయిమ్ తేలాక టీపీఏ పంపే సెటిల్‌మెంట్ లెటర్‌ను ఉద్యోగికి సంక్షిప్తంగా చెప్పాలంటే నాలుగు విషయాలు చాలు: ఎంత మంజూరైంది, ఎంత కోశారు, ఎందుకు కోశారు, ఎప్పటిలోగా అభ్యంతరం చెప్పవచ్చు. వీటిలో చిక్కంతా మూడోదానిలోనే.

ఒక ఉద్యోగి తల్లికి ఆపరేషన్ జరిగి, ఆస్పత్రి బిల్లు 1,20,000 రూపాయలైందనుకుందాం. మంజూరైంది 77,400. లెటర్‌లో కోతలకు ఎదురుగా ‘పాలసీ నిబంధనల ప్రకారం’ అన్న ఒక్క ముక్కే ఉంటే, సంక్షిప్తంలో దాన్ని విప్పి రాయాలి. పాలసీలో రూమ్ రెంట్ పరిమితి రోజుకు 5,000; ఆమె నాలుగు రోజులున్న గది అద్దె 8,000. కాబట్టి అద్దెలో 12,000 పోయాయి. కోత అక్కడితో ఆగదు. గది స్థాయిని బట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు పెరుగుతాయి గనుక వాటినీ అదే నిష్పత్తిలో, అంటే ఎనిమిదింట ఐదు వంతులకు తగ్గిస్తారు. ఆ పద్దు 48,000. అందులో 18,000 పోయాయి. ఉద్యోగులు ఎక్కువగా నివ్వెరపోయేది ఈ కోత దగ్గరే. గ్లౌజుల వంటి చెల్లించని వస్తువులకు మరో 4,000 పోగా మిగిలింది 86,000. తల్లిదండ్రుల క్లెయిములకు ఆ పాలసీలో పది శాతం కోపే ఉంది. ఆ 8,600 తీసేస్తే 77,400.

మందులు, పరీక్షల 36,000ను పూర్తిగా లెక్కలోకి తీసుకున్నారో లేదో తప్పక చూడాలి. ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాల ప్రకారం మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, ఐసీయూ చార్జీలపై ఈ నిష్పత్తి కోత వేయకూడదు. గదిని బట్టి చార్జీలు మారని ఆస్పత్రిలోనైతే డాక్టరు ఫీజు మీద కూడా వేయకూడదు. మందులు, పరీక్షలకూ అదే నిష్పత్తి వేసి ఉంటే మరో 13,500 తప్పుగా పోయినట్టే. మంజూరు, కోతలు కలిపితే బిల్లు మొత్తం రావాలి. ఆస్పత్రి ఇచ్చిన డిస్కౌంటును కూడా కోతల్లో చూపుతుంటారు. అది ఉద్యోగి జేబులోంచి పోయే సొమ్ము కాదని విడిగా రాయాలి.

ప్రతి కోతకూ పాలసీ క్లాజు నంబరు జతచేయాలి. లెటర్‌లో లేకపోతే ‘కారణం చూపలేదు’ అని రాయాలే తప్ప ఊహించి పూరించకూడదు.

గడువును ‘నెల రోజులు’ అని కాక తేదీగా రాయడం మేలు. మొదటి ఫిర్యాదు బీమా కంపెనీ గ్రీవెన్స్ అధికారికి వెళ్లాలి. టీపీఏతో ఫోన్లో మాట్లాడినంత మాత్రాన అది ఫిర్యాదు కాదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, ఆపై ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. గ్రూప్ పాలసీలూ ఆ పరిధిలోకి వస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులను హైదరాబాద్ కార్యాలయం వింటుంది. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.