పాత చందాదారుకు కొత్త ధర

ఏడాదికి 1,200 రూపాయల చందాతో నడిచే న్యూస్‌లెటర్ ఒకటి ఉందనుకుందాం. చందాదారులు వెయ్యి మంది. ధర 1,500 చేస్తే, రెండు వందల మంది మానేసినా ఆదాయం పన్నెండు లక్షలకు తగ్గదు. ఈ లెక్క చూసుకునే చాలామంది ధైర్యంగా ఈ-మెయిల్ పంపేస్తారు. మానేసేది ఎవరన్నది మాత్రం లెక్కలో కనబడదు. మొదటి సంచిక నుంచి చదువుతూ, నలుగురి చేత చందా కట్టించినవాళ్లే వెళ్లిపోతే ఆ నష్టం మరుసటి ఏడాదికిగానీ తెలియదు.

మన దేశంలో దీనికి ఇంకో చిక్కుంది. కార్డు నుంచో, యూపీఐ ఆటోపే నుంచో దానంతటదే చెల్లింపయ్యే చందాకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ-మ్యాండేట్ ఉండాలి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం వెళ్లాలి. స్థిరమైన మొత్తానికి ఇచ్చిన మ్యాండేటైతే, 1,200కి ఒప్పుకున్న మనిషి దగ్గర 1,500 తీసుకోవడం కుదరదు. ఆయన మళ్లీ ఓటీపీతోనో పిన్‌తోనో ఒప్పుకోవాలి. లేదంటే చెల్లింపు ఆగిపోతుంది, చందా ముగిసిపోతుంది. ఆయన మానేశాడని మనం అనుకుంటాం. ఆయనకేమో సంగతే తెలియదు!

గరిష్ఠ పరిమితి పెట్టిన మ్యాండేట్ సంగతి వేరు. 2,000 వరకు అని ఇచ్చి ఉంటే 1,500 ఎవరినీ అడక్కుండానే వెళ్లిపోతుంది. నా దృష్టిలో ఈ-మెయిల్ అన్నిటికన్నా అవసరమైనది ఇక్కడే. పెరిగిన ధరను మొదటిసారి బ్యాంకు సందేశంలో చూసిన పాఠకుడు మనల్ని మళ్లీ నమ్మడు.

అందుకే వెయ్యి మందికీ ఒకే రోజు పంపకూడదు. ఎవరి గడువు ఎప్పుడో చూసి, దానికి నెల ముందు ఒకటి పంపాలి. కొత్త మ్యాండేట్ ఇవ్వనివాళ్లకు వారం ముందు ఇంకొకటి పంపాలి. మూడు పేరాల కృతజ్ఞతల కింద ధరను దాచిపెట్టడం పాత పాఠకుణ్ని చిన్నబుచ్చడమే. స్థిరమైన మొత్తానికి మ్యాండేట్ ఇచ్చినవాళ్లకైతే మొదటి వాక్యాల్లోనే ఇలా ఉండాలి:

“మీ చందా గడువు మార్చి 10తో ముగుస్తుంది. ఇప్పటిదాకా ఏడాదికి 1,200 కట్టారు, ఇకపై 1,500. మార్చి 9లోగా కడితే ఇంకో ఏడాది పాత ధరే. కొనసాగాలంటే కింది లింకులో కొత్త అనుమతి ఇవ్వండి. ఇవ్వకపోతే డబ్బేమీ తీసుకోం, చందా ఆగిపోతుంది.”

ఆ తర్వాతే కారణం. కొత్తగా విలేకరిని పెట్టుకుంటే అదే చెప్పాలి. ‘మెరుగైన సేవల కోసం’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. చేరినప్పుడు ‘ఎప్పటికీ ఇదే ధర’ అని మనం మాటిచ్చినవాళ్లుంటే వాళ్లను ధర పెంచే జాబితాలోంచి తీసేయాలి. పాత ప్రకటనలు, స్వాగత ఈ-మెయిళ్లు వెతికి చూస్తేగానీ వాళ్లెవరో తేలదు.

గడువు దాటాక రద్దు చేసుకున్నవాళ్లను, చెల్లింపు ఆగిపోయినవాళ్లను విడివిడిగా లెక్కపెట్టాలి. మొదటివాళ్లకు ధర నచ్చలేదు. రెండోవాళ్లలో చాలామంది ఆ ఈ-మెయిల్ తెరిచే ఉండరు. వాళ్లకు వాట్సాప్‌లో ఓ మాట చెబితే తిరిగొచ్చేవాళ్లుంటారు.