ఆగిన బొమ్మలో గంట మోగదు

ఫోనులో నడుస్తున్న వీడియోను ఒకచోట ఆపి, ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపితే అందుకున్నవారికి చేరేది ఒక బొమ్మ మాత్రమే. చూడటానికి అది వీడియోలాగే ఉంటుంది. ఆపినప్పుడు నడుమ కనిపించే త్రికోణపు గుర్తు, కింద సమయం చూపే గీత కూడా చాలాసార్లు అందులో పడిపోతాయి. అందుకే పెద్దవాళ్ళు ఆ త్రికోణాన్ని పదేపదే నొక్కి చూస్తారు. నెట్ సరిగా లేదేమో, వాల్యూమ్ తగ్గిపోయిందేమో, ఫోనే పాడైందేమో అనుకుంటారు. తప్పు ఆ మూడింటిలో దేనిదీ కాదు. శబ్దమూ కదలికా దారిలో జారిపోలేదు, అసలు ఆ బొమ్మలోకే అవి ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో తెలియాలంటే వీడియోలో అవి ఎక్కడ ఉంటాయో ముందు చూడాలి.

గుడిలో ఒక పిల్ల గంట కొడుతుండగా వాళ్ళ నాన్న ఫోనులో 20 సెకన్ల వీడియో తీశాడనుకుందాం. మామూలు ఫోను సెకనుకు 30 బొమ్మల చొప్పున తీస్తుంది కాబట్టి ఆ వీడియోలో 600 బొమ్మలు ఉంటాయి. ఒక్కొక్క బొమ్మనూ ఫ్రేము అంటారు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, అంటే మొత్తం 20 లక్షల పైచిలుకు చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలే పిక్సెళ్ళు. ప్రతి ఫ్రేమునూ ఉన్నదున్నట్టు దాస్తే ఒక్కొక్కటి సుమారు 6 ఎంబీ అవుతుంది, 600 ఫ్రేములకు దాదాపు 3,700 ఎంబీ కావాలి. నిజానికి ఆ ఫైలు 40 ఎంబీకి అటూ ఇటూగా తేలుతుంది. ఇంత తగ్గడం ఎలా సాధ్యమైందన్న దాంట్లోనే కదలిక రహస్యం కూడా ఉంది.

ఫోను అన్ని ఫ్రేములనూ పూర్తి బొమ్మలుగా దాచదు. సుమారుగా సెకనుకొకటి చొప్పున మాత్రమే నిండు బొమ్మ దాస్తుంది. మిగతా వాటికి, ముందు బొమ్మతో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. గుడి గోడ కదలలేదు, స్తంభం కదలలేదు, కాబట్టి వాటి గురించి కొత్తగా రాయవలసింది దాదాపు ఏమీ ఉండదు. గంట అంచు ఉన్న ముక్క కొన్ని పిక్సెళ్ళు కుడికి జరిగింది, పిల్ల చేయి ఉన్న ముక్క కాస్త పైకి లేచింది. ఇలాంటి సూచనలే ఫైలు నిండా ఉంటాయి. వీడియోను నడిపించేటప్పుడు ప్లేయరు ముందు బొమ్మను దగ్గర పెట్టుకుని, ఈ సూచనల ప్రకారం తర్వాతి బొమ్మను అప్పటికప్పుడు తయారుచేస్తుంది. అంటే కదలిక ఏ ఒక్క బొమ్మలోనూ లేదు. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ ఉన్న తేడాలో ఉంది. ఆ బొమ్మలు వెంటవెంట వచ్చి కంటి మీద పడుతుంటే, మన మెదడు ఆ తేడాను కదలికగా చదువుకుంటుంది.

ఇప్పుడు ఆ వీడియోను 12వ సెకను దగ్గర ఆపారు. ప్లేయరు అప్పటికి తయారుచేసి పెట్టుకున్న ఫ్రేమును తెర మీద అలాగే నిలిపి ఉంచుతుంది. ఆ నిలిచిన దృశ్యం ఫైలులో నిండు బొమ్మగా ఎక్కడా లేకపోవచ్చు కూడా. అంతకు ముందున్న నిండు బొమ్మ మీద సూచనలు ఒకదాని వెంట ఒకటి అమలు చేయగా తేలిన ఫలితం అది. సూచనల పని అక్కడితో అయిపోయింది, తెర మీద మిగిలింది రంగు చుక్కలే.

స్క్రీన్‌షాట్ తీసినప్పుడు ఫోను వీడియో ఫైలు జోలికే పోదు. ఆ క్షణాన తెర మీద ఏ చుక్క ఏ రంగులో ఉందో చూసి, అంతవరకే నకలు తీసుకుంటుంది. గంటకూ త్రికోణపు గుర్తుకూ దానికి తేడా తెలియదు, రెండూ రంగు చుక్కలే. ఆ నకలును .png గానో .jpg గానో దాస్తుంది. ఈ ఫైళ్ళలో బొమ్మ వెడల్పు, ఎత్తు, చుక్కల రంగులు ఉంటాయి. ఎప్పుడు తీశారన్న వివరం కూడా పక్కన ఉండవచ్చు. కానీ ఈ చుక్క తర్వాత క్షణంలో ఏమవుతుందని రాసుకునే చోటు మామూలు .jpg లో లేదు. అందులో కాలానికి గడే లేదు. అందుకే అందుకున్నవారు త్రికోణాన్ని ఎంత నొక్కినా, నొక్కుతున్నది త్రికోణం బొమ్మనే.

కదలిక గుర్తు ఒక్కటి మాత్రం బొమ్మలో మిగలవచ్చు. ఊగుతున్న గంట నాలుక ఆ ఫ్రేములో అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎంతోకొంత సేపు వెలుతురు తీసుకుంటుంది. అది సెకనులో 60వ వంతు అనుకుంటే, సెకనుకు 2 మీటర్ల వేగంతో కదిలే నాలుక ఆ లోపునే 3 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. ఆ జరిగిన మేరా మసక గీతగా పడుతుంది. దాన్ని చూసి ఏదో కదులుతోందని చెప్పగలం గానీ ఎటు వెళుతోందో చెప్పలేం. ఎడమ నుంచి కుడికి వెళ్ళినా, కుడి నుంచి ఎడమకు వెళ్ళినా పడే మసక ఒక్కలాగే ఉంటుంది. దిశ తెలియాలంటే రెండో ఫ్రేము కావలసిందే.

శబ్దం సంగతి ఇంకా వేరు. కదలిక కనీసం బొమ్మల మధ్యనైనా ఉంది, శబ్దం ఆ బొమ్మల్లో ఏ కొంచెమూ లేదు. .mp4 ఫైలు ఒక పెట్టె లాంటిది. అందులో దృశ్యానికి ఒక ట్రాకు, శబ్దానికి ఒక ట్రాకు విడివిడిగా ఉంటాయి. ఏది ఎప్పుడు రావాలో రెండింటికీ సమయాలు రాసి ఉంటాయి, ప్లేయరు వాటిని చూసుకుంటూ రెండింటినీ జోడుగా నడుపుతుంది. కంటికి కనిపించే గంటకూ చెవికి వినిపించే మోతకూ ఫైలులో ఉన్న చుట్టరికం ఆ సమయాల లెక్క ఒక్కటే. తెర చుక్కల నకలు తీసినప్పుడు శబ్దం ట్రాకును ఎవరూ ముట్టుకోలేదు.

ఒక ఫ్రేముకు చెందిన శబ్దాన్ని ముక్కగా కోసి బొమ్మ వెనక అంటించవచ్చు కదా అనిపించడం సహజమే. చిక్కేమిటంటే ఫ్రేముకు ఇంత శబ్దం అని పంచిపెట్టి లేదు. వీడియోల్లో శబ్దాన్ని సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలుస్తారు. ఎక్కువగా వాడే ఏఏసీ పద్ధతిలో ఆ కొలతలను 1,024 చొప్పున కట్టలు కడతారు. ఒక్కో కట్ట 21 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. ఒక ఫ్రేము నిలిచేది 33 మిల్లీసెకన్లు. కట్టల హద్దులూ ఫ్రేముల హద్దులూ కలవవు.

పోనీ ఆ 33 మిల్లీసెకన్ల శబ్దాన్ని ఎలాగో కోశామనుకున్నా, అది వినడానికి పనికిరాదు. మాటలో ఒక్క అక్షరం పలకడానికే అయిదారు ఫ్రేముల కాలం పడుతుంది. పైగా బొమ్మను ఆపినట్టు శబ్దాన్ని ఆపడం కుదరదు. శబ్దమంటే గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులు. స్పీకరు పొర ముందుకూ వెనక్కూ ఆడితేనే అది పుడుతుంది. ఏదో ఒక కొలత దగ్గర ఆపితే పొర అక్కడే నిలబడిపోతుంది, నిలబడిన పొర నుంచి వచ్చేది నిశ్శబ్దమే. ఆపకుండా ఆ చిన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ వినిపిస్తే ఏమవుతుందో కంప్యూటరు బిగుసుకుపోయినప్పుడు విన్నవారికి తెలుసు. పాట పోయి బర్రుమని ఒకే మోత మిగులుతుంది. కన్ను ఆగినదాన్ని తాపీగా చూడగలదు. చెవికి మాత్రం కాలం నడుస్తూనే ఉండాలి.

ఈ తేడా కొత్తదేమీ కాదు, సినిమా రీళ్ళ కాలం నాటిదే. తెలుగు ఊళ్ళలో ఒకప్పుడు పిల్లలు సినిమా హాలు దగ్గర దొరికిన ఫిలిం ముక్కలను ఎండకు పెట్టి చూసేవారు. 35 ఎంఎం ఫిలిం ముక్కలో బొమ్మ పక్కన అలలలాంటి సన్నటి గీత ఉండేది. శబ్దం అదే. అయితే ఆ గీత ఆ బొమ్మది కాదు. ప్రొజెక్టరులో దీపం ముందు ప్రతి ఫ్రేమూ క్షణకాలం ఆగాలి, లేకపోతే తెర మీద బొమ్మ జారిపోయినట్టుంటుంది. శబ్దాన్ని చదివే చోట ఫిలిం ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో సాగాలి, లేకపోతే పాట వణుకుతుంది. ఆగాల్సిన బొమ్మనూ ఆగకూడని శబ్దాన్నీ ఒకేచోట చదవడం కుదరదు కాబట్టి శబ్దాన్ని చదివే భాగాన్ని దీపానికి కిందుగా, కాస్త దూరంలో పెట్టారు. ఆ దూరానికి సరిపడా శబ్దాన్ని సుమారు 20 ఫ్రేములు ముందుకు జరిపి ముద్రించేవారు. ఫిలిం సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. అంటే పిల్లవాడి చేతిలోని ముక్కలో హీరో ముఖం పక్కన ఉన్న గీత, ముప్పాతిక సెకను పైచిలుకు తర్వాత వచ్చే బొమ్మకు చెందిన శబ్దం. బొమ్మా శబ్దమూ ఒకే ఫిలిం మీద ఆనుకుని ఉన్నప్పుడు కూడా ఒక ఫ్రేము తన శబ్దాన్ని తన వెంట తీసుకుపోలేదు.

కదిలే ఫోటోలు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. ఆపిల్ 2015లో ఐఫోన్లలో తెచ్చిన లైవ్ ఫోటో, ఫోటో తీసిన క్షణానికి ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను శబ్దంతో సహా పట్టుకుంటుంది. అక్కడ కూడా బొమ్మ బొమ్మే. దానికి జతగా ఒక చిన్న వీడియో ఫైలు విడిగా ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ చిన్న వీడియోను .jpg ఫైలు తోకకు అతికిస్తారు. ఇలాంటివాటిని మెసేజి యాప్‌లో పంపినప్పుడు యాప్ బొమ్మను మళ్ళీ కుదించి కొత్త ఫైలు చేస్తే తోక తెగిపోతుంది, అవతలికి కదలని ఫోటోయే చేరుతుంది. జిఫ్‌లో కొన్ని బొమ్మలు వరసగా ఉంటాయి కాబట్టి కదలిక వస్తుంది, శబ్దానికి మాత్రం అందులో చోటు లేదు.

వచ్చింది బొమ్మో వీడియోనో తేల్చుకోవడానికి వేళ్ళతో పెద్దది చేసి చూస్తే చాలు. త్రికోణం కూడా బొమ్మతోపాటు పెద్దదైతే అది చిత్రంలో భాగమే. ఫైలు వివరాలు తెరిస్తే వీడియోకు నిడివి కనిపిస్తుంది, బొమ్మకు కనిపించదు. పంపేవారికి కావలసింది గంట మోతే అయితే స్క్రీన్‌షాట్ వద్దు. గ్యాలరీలో వీడియోను తెరిచి, ఎడిట్‌లోకి వెళ్ళి, ముందూ వెనకా కత్తిరించి మూడు నాలుగు సెకన్ల ముక్కను పంపాలి. రెండు ట్రాకులూ అందులో వెళతాయి.

బొమ్మ ఒక్కటే చేతికొచ్చి, అసలు వీడియో కావాలనుకుంటే బొమ్మలోంచి దాన్ని బయటికి తీసే దారి లేదు. అయితే కింద సమయం గీత పక్కన పడ్డ అంకెలు అక్కరకొస్తాయి. అక్కడ 00:12 అని ఉంటే, పంపినవారిని వీడియో అడిగి తెచ్చుకుని 12వ సెకను దగ్గరికి వెళ్ళవచ్చు. గంట మోగేది అక్కడే.