రెండు ఉద్యమాలు, పదకొండు నిమిషాలు

"బ్రహ్మసమాజ, అలీగఢ్ ఉద్యమాలను పోల్చండి" అని ప్రశ్న వస్తే చాలామంది అభ్యర్థులు ఒకే దారి పడతారు. మొదటి పేజీ నిండా రామమోహన్ రాయ్, రెండో పేజీలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్, చివర మిగిలిన రెండు లైన్లలో "ఈ విధంగా రెండూ సమాజాన్ని సంస్కరించాయి" అన్న ముక్తాయింపు. వివరాల్లో తప్పు ఉండదు. కానీ అడిగింది పోలిక, రాసింది రెండు పరిచయాలు. పోల్చే పని పేపరు దిద్దేవారి మీద పడుతుంది. మార్కులు తగ్గేది అక్కడే.

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ పేపర్లో మూడు గంటల్లో 20 ప్రశ్నలు, 250 మార్కులు. ఆ లెక్కన 15 మార్కుల ప్రశ్నకు దక్కేది సుమారు 11 నిమిషాలు, 250 పదాలు. ఇందులో మొదటి రెండు నిమిషాలు జవాబు మొదలుపెట్టకూడదు. చిత్తుగా మూడు అడ్డగీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో ప్రశ్న రాసుకోవాలి. దేన్ని ప్రమాణంగా తీసుకున్నారు? దేనితో తలపడ్డారు? ఏ సాధనం పట్టుకున్నారు? ప్రతి గీత కింద ఎడమవైపు బ్రహ్మసమాజం, కుడివైపు అలీగఢ్. ఈ మూడు గీతలే మూడు పేరాలు.

మొదటి గీత చూద్దాం. రామమోహన్ రాయ్ విగ్రహారాధనను కాదన్నది ఉపనిషత్తుల ఆధారంతో. సర్ సయ్యద్ ఖురాన్‌ను హేతుబద్ధంగా వ్యాఖ్యానించి, ప్రకృతి నియమాలకు దైవవాక్కుకు మధ్య వైరుధ్యం ఉండదన్నారు. ఇద్దరూ తమ మూలగ్రంథాల వైపే తిరిగారు, ఇద్దరూ తర్కాన్నే తోడు తెచ్చుకున్నారు. ఇది సామ్యం.

రెండో గీత దగ్గర దారులు విడిపోతాయి. రాయ్ ఎదుట ఉన్నది సతి వంటి ఆచారం. సర్ సయ్యద్ ఎదుట ఉన్నది 1857 తర్వాత ప్రభుత్వ అనుమానానికి గురై, కొత్త చదువులకు దూరంగా ఉండిపోయిన ఉత్తరాది ముస్లిం కులీన వర్గం. అందుకే మూడో గీతలో సాధనాలూ వేరయ్యాయి. రాయ్ కరపత్రాలు, అర్జీలతో పోరాడారు. 1829లో బెంటింక్ సతిని నిషేధించినప్పుడు ఆ చట్టం పక్షాన నిలిచారు. సర్ సయ్యద్ 1864లో సైంటిఫిక్ సొసైటీని, 1875లో అలీగఢ్‌లో విద్యాసంస్థను స్థాపించారు.

పేరా రాసినప్పుడు ఇలా ఉండాలి: "బ్రహ్మసమాజం దురాచారంపై పోరాటంతో మొదలైతే, అలీగఢ్ చదువుతో మొదలైంది. 1828 నాటి కలకత్తాలో ప్రశ్న సమాజం లోపలి ఆచారాలది. 1857 తర్వాతి ఉత్తర భారతంలో ప్రశ్న పాలకుల ముందు ఒక వర్గం నిలదొక్కుకోవడానిది. అందుకే ఒకరు చట్టం వైపు, మరొకరు కళాశాల వైపు మొగ్గారు." నాలుగు వాక్యాలే. అయినా తేడా చెప్పి ఊరుకోలేదు, కారణమూ చెప్పింది. రెండు ఉద్యమాల మధ్య ఉన్న దాదాపు అర్ధ శతాబ్దాన్ని మరిచి, అవి ఒకే కాలంలో నడిచినట్టు రాస్తే ఆ కారణమే చేజారిపోతుంది.

పరిమితులకు నాలుగో పేరా చిన్నది చాలు. అక్కడా పోలికే ఉండాలి. రెండూ ప్రధానంగా చదువుకున్న పై వర్గాల్లోనే నిలిచాయి. స్త్రీల విషయంలో బ్రహ్మసమాజం ముందున్నా, కేశవ్ చంద్ర సేన్ తన మైనర్ కుమార్తెకు పెళ్లి చేయడంతో 1878లో చీలింది. సర్ సయ్యద్ ముందు పురుషుల చదువు, ఆ తర్వాతే స్త్రీల చదువు అన్నారు.

మన అభ్యర్థులకు ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. బ్రహ్మసమాజ ప్రభావం అనగానే వీరేశలింగం గుర్తొస్తారు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన వితంతు వివాహం ఒక వాక్యంగా వస్తే ఉద్యమ విస్తృతికి సాక్ష్యం. ఒక పేరాగా పెరిగితే అలీగఢ్ చోటు తినేస్తుంది.

ముగింపు "రెండూ గొప్పవే" అని కాకుండా తీర్పులా ఉండాలి: ప్రమాణంలో దగ్గర, లక్ష్యంలో దూరం, కారణం కాలం. చివరి నిమిషంలో పేరాలను ఒకసారి కంటితో తడమండి. ఏ పేరాలోనైనా ఒక్క ఉద్యమం పేరే కనిపిస్తే అక్కడ పోలిక తెగింది. రెండోదాన్ని కలిపే ఒక్క వాక్యం పక్కన రాయడానికి ఆ నిమిషం సరిపోతుంది.