గసగసాల పాలు పట్టిస్తే బిడ్డ ఎందుకు నిద్రపోతుంది?

ఏడుపు ఆపని పసిబిడ్డకు గసగసాలు నానబెట్టి, మెత్తగా నూరి, పాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. బిడ్డ నిజంగానే నిద్రపోతుంది. ఆ నిద్ర ఎలా వస్తుందో చూద్దాం.

గసగసాలు నల్లమందు మొక్క గింజలు. పచ్చికాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. అందులో మార్ఫిన్, కొడీన్ ఉంటాయి. గింజ లోపల ఇవి దాదాపు ఉండవు. కాయలు ఎండాక పగలగొట్టి గింజలు రాల్చేటప్పుడు ఆ పాల మరకలు, కాయ పెంకు పొడి గింజల పైన అంటుకుంటాయి. బాగా కడిగి, వేయించి కూరలో వండితే చాలా భాగం పోతుంది. అందుకే గసగసాలు వేసిన కూర తిన్న పెద్దలకు మామూలుగా ఏమీ కాదు. నానబెట్టిన నీళ్లతో సహా నూరినా, పాలలో కాచి వడకట్టినా మార్ఫిన్ ఆ ద్రవంలోకే దిగుతుంది.

ఎంత దిగుతుందన్నది కంటితో చూసి చెప్పలేం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒక రోజుకు పెట్టిన హద్దు కిలో శరీర బరువుకు 10 మైక్రోగ్రాముల మార్ఫిన్. 4 కిలోల బిడ్డకు అది 40 మైక్రోగ్రాములు. చెంచాడు గసగసాలు సుమారు 3 గ్రాములు. గ్రాముకు ఒక మైక్రోగ్రామే ఉన్న సరుకైతే బిడ్డకు చేరేది 3. గ్రాముకు 50 ఉంటే 150, అంటే హద్దుకు దాదాపు నాలుగు రెట్లు. రెండు సరుకులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే పెద్దబిడ్డకు ఏమీ కాలేదన్న అమ్మమ్మ అనుభవం ఈసారి కొన్న పొట్లానికి వర్తించదు.

పైగా మార్ఫిన్‌ను విరిచి బయటికి పంపే శక్తి నెలల బిడ్డ కాలేయానికి ఇంకా పూర్తిగా రాదు. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. జర్మనీలో ఒక తల్లి ఆరు వారాల బిడ్డ బాగా నిద్రపోవాలని గసగసాలు కాచి వడకట్టిన పాలు పట్టింది. బిడ్డ ఊపిరి తీవ్రంగా దెబ్బతింది.

మామూలు నిద్రలో ఉన్న బిడ్డ అరికాలు గీరితే కదులుతుంది, రొమ్ము అందిస్తే చప్పరిస్తుంది. మత్తులో ఉన్న బిడ్డ ఒళ్లు వేలాడేస్తుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. పొట్ట కదలికను నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 కంటే తక్కువైనా, మధ్యలో ఊపిరి ఆగుతున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లేపడానికి పాలు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏం పట్టారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. తెలిస్తే నలాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు, బిడ్డ నిమిషాల్లో తేరుకుంటుంది. కానీ దాని ప్రభావం మార్ఫిన్ కంటే ముందే తీరిపోతుంది. మళ్లీ మత్తు కమ్మవచ్చు కనుక, కళ్లు తెరిచిందని వెంటనే ఇంటికి తీసుకురాకూడదు.